ఏఐ చేతిలో కృష్ణమూర్తి కాస్తా ‘కష్టమూర్తి’!

తాతయ్య పోయిన ఎనిమిదో రోజు. పెదకర్మకి ఫ్లెక్సీ వేయించే పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చునేది నేనే కాబట్టి అది సహజమే. రాత్రి పదకొండింటికి ఒక ఏఐ యాప్ తెరిచి, దీపాలు, తామరపూలు, వెనకాల గోదారి మీద సాయంత్రపు వెలుగు, పైన ‘శ్రద్ధాంజలి’, కింద తాతయ్య పేరు అని టైప్ చేశాను. అర నిమిషంలో బొమ్మ వచ్చేసింది. దీపం వెలుగు నీళ్ల మీద ఎంత బాగా పడిందంటే, ఫ్లెక్సీ షాపులో ఎవరూ అంత బాగా చేయలేరనిపించింది.

వెంటనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వరసగా దణ్ణాల ఎమోజీలు. మావయ్య ‘సూపర్‌రా’ అన్నాడు. ఫైల్ ఫ్లెక్సీ షాపుకి కూడా పంపేశాను.

పొద్దున్నే అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని నా ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆవిడ చదివింది అయిదో తరగతి. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతుంది. వేలు ఒకచోట ఆగిపోయింది.

“ఇదేంట్రా, మీ తాతయ్య పేరు కష్టమూర్తి అని రాశారు?”

లాక్కుని చూశాను. నిజమే. ‘కృష్ణమూర్తి’ ఉండాల్సిన చోట ‘కష్టమూర్తి’ లాంటిదేదో ఉంది. పైన ఉన్నది ‘శ్రద్ధాంజలి’ కూడా కాదు. దూరం నుంచి తెలుగులాగే ఉంది, దగ్గరికెళితే అందులో సగం అక్షరాలు ఏ బడిలోనూ నేర్పనివి. గ్రూపులో ముప్ఫై మందిమి చూశాం. ఒక్కరం కూడా చదవలేదు.

“బతికినన్నాళ్లూ పడిన కష్టం చాల్లేదా, ఇప్పుడు పేర్లో కూడా పెట్టారూ!” అని అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వు వెనకాలున్నది నాకు కనిపించింది. షాపుకి ఫోన్ చేసి ప్రింటింగ్ ఆపించాను. అప్పటికింకా మిషన్ ఎక్కలేదు, అంతవరకు అదృష్టం.

ఆ తర్వాత చాలా రోజులు నన్ను ఒకటే ప్రశ్న తొలిచింది. నీళ్ల మీద దీపం నీడని అంత అచ్చంగా వేసిన యంత్రానికి ఎల్‌కేజీ పిల్లాడు రాసే అక్షరాలు ఎందుకు రాలేదు? కూర్చుని తవ్వితే తెలిసింది ఇది.

అది రాయలేదు, గీసింది

మీరు వాట్సాప్‌లో ‘కృష్ణ’ అని టైప్ చేస్తే ఫోన్ లోపల ఆ అక్షరాలు నంబర్లుగా ఉంటాయి. ‘క’కి ఒక నంబరు, వట్రసుడికి ఒక నంబరు. ఆ నంబర్లు చూసి ఫోన్ తన దగ్గరున్న ఫాంట్‌లోంచి సరైన ఆకారం తీసి తెర మీద పెడుతుంది. అక్కడ అక్షరం తప్పు పడాలంటే మీరు తప్పు టైప్ చేసి ఉండాలి.

బొమ్మలు వేసే ఏఐ దగ్గర ఫాంట్ ఉండదు, అక్షరాల పట్టిక ఉండదు. దానికి తెలిసింది రంగు చుక్కలే. ఇలాంటి వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతిని డిఫ్యూజన్ అంటారు. వెనకటి టీవీల్లో సిగ్నల్ పోతే తెరంతా చుక్కలు చిందులేసేవి చూశారా, డిఫ్యూజన్ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఆ చుక్కల గోల మీంచి కొంచెం గోల తీసేస్తుంది, మళ్లీ కొంచెం తీసేస్తుంది. అలా కొన్ని పదుల సార్లు చేసేసరికి దీపం, పువ్వు, నది తేలతాయి.

దీనికి శిక్షణ కూడా అలాగే ఇస్తారు. మంచి ఫొటో తీసుకుని దాని మీద చుక్కలు చల్లుతారు. ‘ఇందులో నేను చల్లినవి ఏవో చెప్పు’ అని మోడల్‌ని అడుగుతారు. అది చెప్పినదానికీ అసలు చల్లినదానికీ తేడా కొలిచి, ఆ తేడా తగ్గేలా దిద్దుతారు. కోట్ల ఫొటోలతో ఇదే పని.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ తేడాని బొమ్మ మొత్తం మీద సగటున కొలుస్తారు. ఆకాశం రంగు తప్పితే పెద్ద తేడా వస్తుంది, మోడల్‌కి గట్టిగా దెబ్బ పడుతుంది. ఒక వత్తు తప్పితే వచ్చే తేడా లెక్కలో ఆవగింజంత. గుమ్మానికి కట్టిన మామిడి తోరణంలో ఆకులు ఇరవై ఉన్నా ఇరవై రెండున్నా మనకి తోరణమే. మోడల్ అక్షరాల్ని కూడా ఆ ఆకుల్లాగే చూస్తుంది. కానీ ఆకు పోతే తోరణం మిగులుతుంది, వత్తు పోతే పేరు మారిపోతుంది.

ఇంగ్లీషుకీ ఒకప్పుడు ఇదే గతి

ఇది తెలుగు మీద కక్ష అనుకోవద్దు. 2022లో వచ్చిన బొమ్మల మోడళ్లు ఇంగ్లీషు బోర్డులు కూడా ఇలాగే పాడుచేసేవి. మొదటి కారణం అవి మన మాటల్ని చదివే తీరు.

మనం టైప్ చేసిన వాక్యాన్ని మోడల్ అక్షరాలుగా తీసుకోదు. టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటుంది. ఇంగ్లీషులో బాగా వాడే మాట మొత్తం ఒకటే టోకెన్ అయిపోతుంది, ఆ టోకెన్‌కి ఒక నంబరు. అంటే ‘వెల్‌కమ్’ అన్న ఇంగ్లీషు మాట దానికి ఒక సీల్డ్ కవరు లాంటిది. ఆ మాట ఎక్కడ వాడతారో, ఎలాంటి బొమ్మల పక్కన వస్తుందో దానికి తెలుసు. కవరు లోపల ఏ అక్షరాలు ఏ వరసలో ఉన్నాయో తెలీదు. స్పెల్లింగ్ తెలియకుండా బోర్డు రాయమంటే ఎవరైనా ఏం చేస్తారు? గుర్తున్నంతవరకు గీస్తారు.

2022లోనే గూగుల్ పరిశోధకులు పార్టీ అనే మోడల్‌తో ఒక పరీక్ష చూపించారు. అది డిఫ్యూజన్ పద్ధతి కాదు, బొమ్మని ముక్క తర్వాత ముక్కగా పేర్చే పద్ధతి. అయినా జబ్బు అదే. సిడ్నీ ఒపేరా హౌస్ ముందు కళ్లద్దాలు పెట్టుకున్న కంగారూ, దాని ఛాతీ మీద ‘Welcome Friends!’ అన్న బోర్డు. ఇదే మాటని నాలుగు సైజుల మోడళ్లకి ఇచ్చారు. 35 కోట్లు, 75 కోట్లు, 300 కోట్లు, 2000 కోట్ల పారామీటర్లు. పారామీటర్లంటే మోడల్ నేర్చుకున్నదంతా దాచుకునే అంకెలు. కంగారూ, కళ్లద్దాలు చిన్న మోడళ్లకే పట్టుబడటం మొదలైంది. ఆ రెండు మాటల స్పెల్లింగ్ సరిగ్గా రావడానికి మాత్రం 2000 కోట్ల మోడల్ కావాల్సి వచ్చింది.

అదే ఏడాది చివర్లో మరికొందరు గూగుల్ పరిశోధకులు ఇంకో దారి చూపించారు. వాక్యాన్ని టోకెన్లుగా కాకుండా విడి అక్షరాలుగా, బైట్లుగా చదివే భాగాన్ని మోడల్‌కి తగిలిస్తే స్పెల్లింగ్ బాగా మెరుగుపడింది. కవరు విప్పి చూపిస్తే రాయగలిగిందన్నమాట.

ఎనిమిదికి ఎనిమిది గడి

రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. అందరూ ఫ్రీగా దింపుకుని వాడిన స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి తరాన్ని తీసుకుందాం. దాని లోపలి లెక్కలన్నీ బయటపెట్టారు కాబట్టి ధైర్యంగా చెప్పొచ్చు.

అది వేసే బొమ్మ అడ్డంగా 512, నిలువుగా 512 పిక్సెళ్లు. అన్ని పిక్సెళ్ల మీద లెక్కలు చేస్తే కంప్యూటర్ అలిసిపోతుంది కాబట్టి, అది ముందు 64 గడులు అడ్డం, 64 గడులు నిలువు ఉన్న చిన్న పలక మీద పని చేస్తుంది. పని అయ్యాక దాన్ని పెద్ద బొమ్మగా విప్పుతుంది. అంటే పలక మీద ఒక్క గడి, చివరి బొమ్మలో ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల చదరం. ఆ చదరంలో 64 పిక్సెళ్లు, ఒక్కోదానికి మూడు రంగుల అంకెలు, మొత్తం 192. వాటన్నిటినీ ఆ గడి నాలుగే నాలుగు అంకెల్లో దాచుకోవాలి.

ఆకాశానికి నాలుగు అంకెలు ధారాళం. ఇప్పుడు తాతయ్య పేరు చూద్దాం. బొమ్మ కింద ఒక వరసలో పేరు రాస్తే అక్షరం ఎత్తు సుమారు 32 పిక్సెళ్లు అనుకోండి. పలక మీద అది నాలుగు గడులు. ఇంగ్లీషు పెద్ద అక్షరం ‘K’ అయితే ఆ నాలుగు గడుల ఎత్తునీ తనే వాడుకుంటుంది. మూడు తిన్నని గీతలు, సరిపోతుంది. తెలుగు ‘ష్ణ’ అయితే అదే ఎత్తులో పైన తలకట్టు, మధ్యలో ష, కింద ణ వత్తు, మూడంతస్తులు సర్దుకోవాలి. వత్తు వాటాకి ఒక గడి, మహా అయితే ఒకటిన్నర. ణ వత్తులోని మెలికలన్నీ ఆ ఒక్క గడిలో ఇమడాలి. ఇమడవు. కరిగి మరకవుతాయి.

తర్వాతి తరం మోడళ్లలో ఒక్కో గడికి నాలుగుకి బదులు 16 అంకెలు ఇచ్చారు. 2024లో వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ మూడో తరం అలాంటిదే. బొమ్మ సైజూ పెరిగింది. వాక్యాన్ని చదివే భాగమూ బలపడింది. ఇంగ్లీషు బోర్డులు చాలావరకు కుదుటపడ్డాయి. మనం మాత్రం ఇంకా వరసలో వెనకాలే ఉన్నాం. అదెందుకో ఆ పేరునే విప్పి చూస్తే తెలుస్తుంది.

పేరు విప్పి చూద్దాం

‘కృష్ణమూర్తి’ మనం పలికేటప్పుడు, రాసేటప్పుడు నాలుగు అక్షరాలు: కృ, ష్ణ, మూ, ర్తి. కంప్యూటర్ దాచుకునే యూనికోడ్‌లో మాత్రం అవి పదకొండు సంకేతాలు. క, వట్రసుడి, ష, పొల్లు, ణ, మ, కొమ్ముదీర్ఘం, ర, పొల్లు, త, గుడి. యూనికోడ్‌లో వత్తులకి విడిగా నంబర్లు లేవన్నది మనలో చాలామందికి తెలియదు. ‘ష, దాని తర్వాత పొల్లు, దాని తర్వాత ణ’ అని వరస కనిపిస్తే, దాన్ని ష కింద ణ వత్తుగా మార్చడం ఫాంటు, దాన్ని నడిపే ప్రోగ్రామూ కలిసి చేసే పని.

ఆఖరి అక్షరం ‘ర్తి’ చూడండి, తమాషాగా ఉంటుంది. పలికేటప్పుడు ర, తర్వాత త, ఆ త మీద ఇ. దాచుకునే వరసా అదే. కానీ రాసేటప్పుడు గుడి వెళ్లి ర మీద కూర్చుంటుంది, త వత్తు కిందకి దిగుతుంది. పైగా ఆ త వత్తుకి త పోలికే ఉండదు. త, న, మ, య, ర, ల, ఈ ఆరింటికీ వత్తు రూపం వేరు, అసలు రూపం వేరు. ఇంగ్లీషులో ఏ అక్షరం ఎక్కడ పలుకుతుందో అక్కడే, ఎడమ నుంచి కుడికి వరసగా నిలబడుతుంది. మనకి అక్షరం కుడికే కాదు, పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. ర వత్తు అయితే కింద నుంచి ఎడమ వైపుకి చుట్టుకుని వస్తుంది.

ఈ కూర్పులు ఎన్ని ఉంటాయో లెక్కేయండి. ఇంగ్లీషులో చిన్నవీ పెద్దవీ కలిపి 52 ఆకారాలు. మనకి హల్లులు ముప్ఫై అయిదు అనుకుని, ఒక్కోదానికి గుణింతం పన్నెండు రూపాలు వేసుకుంటే 420. ప్రతి హల్లు కిందా ప్రతి వత్తూ పెట్టొచ్చనుకుంటే, కాగితం మీద లెక్క 14,700 అవుతుంది. అందులో భాషలో నిజంగా వాడేవి కొన్నే. అయినా ఇంగ్లీషు 52 పక్కన పెడితే అది వేరే లోకం. ‘ష్ణ’ లాంటి ఒక్కో కూర్పునీ మోడల్ వేర్వేరు సైజుల్లో, వేర్వేరు రాతల్లో వందల వేల సార్లు చూస్తే గాని ఆ ఆకారం దానికి స్థిరపడదు.

మనకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన అక్షరాల్లో చాలావాటికి ఒంటి గుండ్రం ఒకటే, తేడా అంతా చిన్న గుర్తులో ఉంటుంది. థ కడుపులో చుక్క తీసేస్తే ధ దగ్గరికి వస్తుంది. ద కింద చిన్న గీత పెడితే ధ. ప కింద గీత పెడితే ఫ. ‘మ’కీ ‘వు’కీ తేడా చెప్పడానికి ఒకటో తరగతి టీచర్లు ఎంత కష్టపడతారో మీకు గుర్తుండే ఉంటుంది. గడిలో ముందు కరిగిపోయేది సరిగ్గా ఆ చిన్న గుర్తే.

ఇప్పుడు తాతయ్య పేరుకి ఏమైందో చెప్పొచ్చు. బొమ్మని పెద్దది చేసి చూశాను. క కింద కుడివైపు వేలాడాల్సిన వట్రసుడి పూర్తిగా పోయింది. అది చిన్న మెలిక, గడిలో ఇమడలేదు. ‘కృ’ కాస్తా ‘క’ అయింది. ష నిలబడింది. దాని కింద ణ వత్తు మెలికలు కరిగి ఒక సున్నాలాంటి మరక మిగిలింది. అది నిజానికి ట వత్తు కాదు, ఏ వత్తూ కాదు. కానీ మన కన్ను ఊరుకోదు కదా, ‘క’ తర్వాత ‘ష’, కింద ఏదో గుండ్రం కనబడేసరికి ‘కష్ట’ అని చదివేసింది. ‘మూర్తి’లో త వత్తు సగమే ఉంది. పైన ‘శ్రద్ధాంజలి’లో ర వత్తు అటు తిరగాల్సింది ఇటు తిరిగింది, ‘ద్ధా’ కింద ఉన్నది దేనికీ చెందదు. వత్తులు లేని ‘జలి’ మాత్రం శుభ్రంగా వచ్చింది!

తెలుగు చూసింది గానీ చదవలేదు

ఇన్ని కూర్పులున్నా, కావలసినంత చూపిస్తే మోడల్ నేర్చుకునేదే. అసలు లోటు అక్కడే ఉంది.

మొదటి తరం స్టేబుల్ డిఫ్యూజన్ శిక్షణకి వాడింది లయన్ అనే పెద్ద బొమ్మల సేకరణలో ఇంగ్లీషు భాగం. అంటే బొమ్మ, దాని పక్కన ఇంగ్లీషులో రాసిన వివరణ. ఇప్పుడు విజయవాడ బీసెంట్ రోడ్ ఫొటో ఒకటి అందులో ఉందనుకోండి. ఫొటో నిండా తెలుగు బోర్డులే. పక్కన వివరణ మాత్రం ఇంగ్లీషులో ‘ఆంధ్రాలో రద్దీగా ఉన్న బజారు’ అని ఉంటుంది. ఏ బోర్డు మీద ఏం రాసుందో ఎవరూ రాయరు. మోడల్‌కి అందే పాఠం ఏమిటి? ఇలాంటి ఊళ్లలో గోడల మీద గుండ్రటి గీతలుంటాయి, పైన చిన్న టిక్కులుంటాయి, కింద తోకలుంటాయి. అంతే. ఇటుకల గోడ ఎలా ఉంటుందో నేర్చుకున్నట్టే తెలుగు ఎలా ఉంటుందో నేర్చుకుంది. అందుకే అది వేసే అబద్ధపు తెలుగు దూరం నుంచి అంత నిజంగా ఉంటుంది.

అడిగే వైపు కూడా ఇదే చిక్కు. యూనికోడ్‌ని దాచే మామూలు పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. కృష్ణమూర్తికి పదకొండు సంకేతాలు, 33 బైట్లు. తెలుగుని పెద్దగా చూడని టోకెనైజర్ ఈ పేరుని ఒక మాటగా గుర్తుపట్టదు, చిన్న చిన్న ముక్కలుగా, ఒక్కోసారి బైట్ల దాకా పగలగొట్టేస్తుంది. ఆ మొదటి తరం మోడల్ ఒక్కసారి తీసుకోగలిగేవి 77 టోకెన్లు. మన పేరు ఒక్కటే అందులో పెద్ద వాటా మింగేయగలదు. ఇంగ్లీషు మాట సీల్డ్ కవరైతే, తెలుగు మాట చించేసిన కాగితం ముక్కలు. కవరు పేరైనా మోడల్‌కి తెలుసు, ఈ ముక్కల్ని అది ఎప్పుడూ కలిపి చూడలేదు.

నియమాలన్నీ రాసిపెట్టుకున్న ప్రోగ్రాములకే మన లిపి ఒక్కోసారి చెమటలు పట్టిస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం, దాని మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతంతో సహా మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ అదే నెలలో 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అక్కడ నియమాలున్నాయి కాబట్టి తప్పు ఎక్కడుందో పట్టుకుని దిద్దగలిగారు. బొమ్మల మోడల్‌లో ‘ష కింద ణ’ అన్న నియమం ఎక్కడా రాసుండదు, దిద్దడానికి ఒక చోటంటూ లేదు.

2023లో వచ్చిన ఎనీటెక్స్ట్, గ్లిఫ్‌కంట్రోల్ లాంటి పరిశోధనలు తెలివైన దారి పట్టాయి. రాయాల్సిన మాటని ముందు మామూలు ఫాంటుతో శుభ్రంగా అచ్చువేసి, ఆ బొమ్మని మోడల్‌కి చూపించి ‘దీన్ని చూసి గీయి’ అంటాయి. అంటే పలక మీద పిల్లాడిచేత దిద్దించినట్టు. మన లిపికి పనికొచ్చే దారి ఇదే అని నాకనిపిస్తుంది. ఎందుకంటే కూర్పు పని ఫాంటే చేసేస్తుంది, మోడల్‌కి మిగిలేది రంగూ వెలుగూ అద్దడమే.

ఇప్పుడొస్తున్న కొత్త టూల్స్‌తో నేను మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. పెద్ద సైజులో ఒకటి రెండు మాటలు, వత్తులు తక్కువగా ఉంటే, చాలాసార్లు సరిగ్గానే వస్తున్నాయి. ‘అమ్మ’ వస్తుంది. పెళ్లి కార్డు అంత మేటర్ ఇస్తే మాత్రం మొదటి లైన్ బాగుండి మూడో లైన్ నుంచి జారిపోతోంది. ఇది ఇంకా ప్రమాదం. మొదటి లైన్ చూసి మనం నమ్మేస్తాం.

పట్టుకోవడం ఎలా, తప్పించుకోవడం ఎలా

పట్టుకోవడానికి అమ్మమ్మ పద్ధతే మేలు. బొమ్మని జూమ్ చేసి వేలు పెట్టి చదవండి. మాటగా కాదు, అక్షరంగా. ముందు వత్తులు చూడండి, తప్పులు అక్కడే ఎక్కువ. తర్వాత ఒకే అక్షరం రెండుచోట్ల ఉంటే పోల్చండి. ఫాంటుతో అచ్చయిన లైన్లో రెండు ‘మ’లు కవలల్లా ఉంటాయి. ఏఐ గీసిన లైన్లో ఒకదాని తలకట్టు లావుగా, ఇంకోదానిది సన్నగా ఉంటుంది. ఫ్లెక్సీయే కాదు, వాట్సాప్‌లో తిరిగే ‘పేపర్ క్లిప్పింగ్’, ‘ప్రభుత్వ నోటీసు’ మీద అనుమానం వచ్చినా ఈ పరీక్ష చేయొచ్చు. హెడ్డింగ్ కాదు, కింద చిన్న అక్షరాల మేటర్ చదవండి. అక్షరాలన్నీ బాగున్నంత మాత్రాన అది నిజమని మాత్రం అనుకోవద్దు. బొమ్మ ఏఐతో చేసి అక్షరాలు ఫాంటుతో పెట్టి ఉండొచ్చు.

తప్పించుకోవడానికి చేయాల్సిందీ అదే. ఏఐని బొమ్మ మాత్రమే అడగండి, ‘ఎక్కడా అక్షరాలు వద్దు, పైన ఖాళీ వదులు’ అని చెప్పండి. అక్షరాలు ఫొటో ఎడిటింగ్ యాప్‌లో మీరే టైప్ చేసి పైన పెట్టండి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, సురన్న, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. టైప్ చేసే ముందు ‘కృష్ణ’, ‘స్త్రీ’, ‘జ్ఞానం’ అన్న మూడు మాటలు కొట్టి చూడండి. వత్తులు కిందకి దిగకుండా పొల్లుతో పక్కపక్కనే నిలబడితే ఆ యాప్‌కి తెలుగు కూర్చడం రాదని అర్థం, వేరేది చూసుకోండి.

రెండు జాగ్రత్తలు. అక్షరాలు పెట్టాక బొమ్మని మళ్లీ ఏఐకి ఇచ్చి ‘ఇంకొంచెం అందంగా చెయ్యి’, ‘క్లారిటీ పెంచు’ అనకండి. అది మొత్తం మళ్లీ గీస్తుంది, మీరు పెట్టిన అక్షరాలతో సహా. అక్షరాలు ఎప్పుడూ ఆఖరున పెట్టాలి. రెండోది, చాలా ఫ్లెక్సీ షాపుల్లో వాడేవి యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు. మీరు వాట్సాప్‌లో పంపిన మేటర్ అక్కడ పేస్ట్ చేస్తే పిచ్చి గీతలుగా మారిపోతుంది. బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి, లేదా వాళ్లనే టైప్ చేయమనండి.

నేను చివరికి ఆ రెండో పనే చేశాను. దీపాలూ గోదారీ ఏఐవే ఉంచాను. షాపులో కుర్రాడు పేరు తన ఫాంటుతో కొట్టి, ప్రూఫ్ ఫొటో తీసి పంపాడు. ఈసారి గ్రూపులో పెట్టలేదు. నేరుగా అమ్మమ్మకి ఇచ్చాను.

ఆవిడ వేలు ‘కృ’ మీద ఆగింది, కిందకి జారి వట్రసుడి తడిమింది. ‘ష్ణ’ మీదికి వెళ్లింది. ‘మూ’. ‘ర్తి’. ఒకసారి మొత్తం పేరు పైకి చదివింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ పేరు ఆవిడ నోట నేను వినలేదని అమ్మ తర్వాత చెప్పింది.

“ఇప్పుడు వేయించు” అంది.